మా తమ్ముడి ఎన్‌ఎఫ్‌టీ బొమ్మ మాయమైంది, అసలు మా దగ్గర ఉన్నదేమిటి?

శ్రీనివాస్, గుంటూరు: 2021 నవంబర్‌లో మా తమ్ముడు పది వేల బొమ్మల కలెక్షన్‌లో 4127 నంబరు బొమ్మ కొన్నాడు. 0.2 ఈథర్, అప్పటి రేటులో 65 వేల దాకా అయింది. ఇప్పుడు వాలెట్‌లో బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ గడి కనిపిస్తోంది. వాలెట్ హ్యాక్ అయిందేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్. ఎవరైనా దొంగిలించారా?

రమేశ్: భయపడకండి. బ్లాక్‌చెయిన్‌లోకి ఎక్కింది ఎవరూ చెరపలేరు. బొమ్మ అక్కడే ఉంటుంది, కాపీరైట్ కూడా మీ తమ్ముడిదే. యాప్‌లో ఏదో లోపం అయి ఉంటుంది.

అనురాధ, హైదరాబాద్: రమేశ్ గారూ, చెరగదన్న మాట టోకెన్ వరకే, అంటే మీ పేరున రాసి ఉన్న నంబరు వరకే నిజం. చాలా కలెక్షన్లలో బొమ్మ బ్లాక్‌చెయిన్ మీద ఉండదు. శ్రీనివాస్ గారూ, బ్లాక్‌చెయిన్ లెక్కలు చూపించే ఈథర్‌స్కాన్ సైట్‌లో, ఆ కలెక్షన్‌ను నడిపే ప్రోగ్రాం అయిన కాంట్రాక్టు పేజీ తెరిచి, Contract కింద Read Contract నొక్కండి. ఈ రెండూ అడిగి చూడండి:

```
ownerOf(4127)
tokenURI(4127)
```

మొదటిదానికి మీ తమ్ముడి వాలెట్ అడ్రస్ వస్తే దొంగతనం జరగనట్టే. రెండోది ఒక లింకు ఇస్తుంది. ఆ లింకులో చిన్న ఫైలు ఉంటుంది, అందులో బొమ్మ ఎక్కడుందో చెప్పే ఇంకో లింకు ఉంటుంది. మీ తమ్ముడి పేరున రాసి ఉన్నది ఆ నంబరు మాత్రమే. బొమ్మ ఎవరో అద్దె కడుతున్న సర్వర్‌లో ఉంటుంది. అద్దె ఆగిందంటే గడి ఖాళీ.

పెద్ద పేరున్నవాటికీ ఇది తప్పలేదు. నైకీ కొన్న ఆర్‌టీఎఫ్‌కేటీ వాళ్ల క్లోన్‌ఎక్స్ బొమ్మలు 2025 ఏప్రిల్‌లో కొంతసేపు కనబడకుండా పోయి, వాటి స్థానంలో క్లౌడ్‌ఫ్లేర్ అనే సర్వర్ కంపెనీ హెచ్చరిక కనిపించింది. క్రిప్టోపంక్స్ వాళ్లయితే 2021 ఆగస్టులో బొమ్మల్ని కూడా బ్లాక్‌చెయిన్ మీదికే ఎక్కించారు. అలాంటివి తక్కువ.

ఇక కాపీరైట్. మన 1957 చట్టం ప్రకారం అది చేతులు మారాలంటే హక్కుదారు సంతకంతో రాతపూర్వకంగా ఇవ్వాలి. టోకెన్ చేతికొచ్చినంత మాత్రాన రాదు. బోర్డ్ ఏప్ కంపెనీలాంటి కొందరు తమ షరతుల్లో వ్యాపారానికి వాడుకునే అనుమతి ఇచ్చారు. మీ కలెక్షన్ షరతుల పేజీ దొరికితే ఒకసారి చదవండి.

శ్రీనివాస్, గుంటూరు: ఓనర్ తమ్ముడే అని వచ్చింది, ప్రాణం లేచొచ్చింది. లింకు మాత్రం తెరుచుకోవడం లేదు. ఫైళ్లను చాలా కంప్యూటర్లలో పంచి ఉంచే ఐపీఎఫ్‌ఎస్ కాదు, మామూలు వెబ్‌సైటే. మరి ధర? అప్పట్లో ‘ఫ్లోర్ 0.5’ అన్నారు. ఇప్పుడు వచ్చిన ఒకే ఒక్క ఆఫర్ 0.004.

అనురాధ, హైదరాబాద్: ఫ్లోర్ అంటే అమ్మేవాళ్లలో అతి తక్కువ అడిగినవాడి రేటు. ఆ ధరకు కొనేవాడు ఉన్నాడని కాదు. ట్విటర్ స్థాపకుల్లో ఒకరైన జాక్ డోర్సీ మొదటి ట్వీట్ ఎన్‌ఎఫ్‌టీనే చూడండి. 2021 మార్చిలో సుమారు 29 లక్షల డాలర్లకు పోయింది. కొన్నాయన మరుసటి ఏడాది ఏప్రిల్‌లో 4.8 కోట్ల డాలర్లు అడిగితే, వేలం గడువులోగా వచ్చిన పెద్ద ఆఫర్ మూడు వందల డాలర్లు కూడా లేదు.

చాలామంది కొన్నది బొమ్మ మీద ఇష్టంతో కాదు, తర్వాతివాడు ఎక్కువకు కొంటాడన్న ఆశతో. కొత్తవాళ్లు రావడం ఆగేసరికి అందరూ అమ్మేవాళ్లే మిగిలారు. దీనికి తోడు దొంగ అమ్మకాలు. 2022లో లుక్స్‌రేర్ అనే మార్కెట్ లావాదేవీలకు బహుమతిగా తన సొంత క్రిప్టో టోకెన్లు పంచింది. వాటికోసం కొందరు తమ రెండు వాలెట్ల మధ్య తామే అమ్ముకుని, తామే కొనుక్కున్నారు. అమ్మకాల చరిత్రలో అవే రెండు అడ్రసులు మళ్లీ మళ్లీ వచ్చి, రెండింటికీ డబ్బు ఒకే చోటు నుంచి వస్తే అనుమానించాలి.

ఇంకొకటి, ఆట తెస్తాం, సినిమా తీస్తాం అని మాటిచ్చిన టీములకు ప్రతి మారు అమ్మకంలో వచ్చే రాయల్టీయే ఆదాయం. పోటీలో మార్కెట్లు దాన్ని ఐచ్ఛికం చేశాయి. ఓపెన్‌సీ కూడా 2023లో ఆ దారే పట్టింది. అమ్మకాలు, రాయల్టీ రెండూ పడిపోతే సర్వర్ అద్దె ఎవరు కడతారు? మీ ఖాళీ గడి వెనక కథ ఇదే అయి ఉండొచ్చు.

సుబ్బారావు: అమ్మా, నేను బిట్‌కాయిన్‌లో కాస్త లాభానికి అమ్మాను. నా దగ్గరా ఇలాంటి బొమ్మ ఒకటుంది. 0.004కి అమ్మేసి ఆ నష్టం లాభంలోంచి తీసేయొచ్చా?

అనురాధ, హైదరాబాద్: కుదరదు సుబ్బారావు గారూ. 2022 ఏప్రిల్ 1 నుంచి ఉన్న నిబంధన ప్రకారం లాభం మీద 30 శాతం కట్టాల్సిందే. ఒక డిజిటల్ ఆస్తిలో నష్టాన్ని ఇంకోదాని లాభంతో సర్దుకోనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లనివ్వరు.

రమేశ్: కాపీరైట్ విషయంలో పొరబడ్డాను. కానీ పాత బొమ్మ ఫైలు ఫోన్‌లో ఉంటే మళ్లీ ఎక్కించుకోవచ్చుగా?

అనురాధ, హైదరాబాద్: ఫైలు ఎక్కడైనా పెట్టుకోవచ్చు, టోకెన్‌లోని లింకు మాత్రం మనం మార్చలేం. Write Contract కింద `setBaseURI` ఉంటే కాంట్రాక్టు యజమాని మార్చగలడు. అతను ఇప్పటికీ ఉన్నాడా అన్నదే ప్రశ్న.

శ్రీనివాస్, గుంటూరు: చూశాను, `setBaseURI` ఉంది. యజమాని వాలెట్ చివరిసారి కదిలింది 2022 డిసెంబర్‌లో. వాళ్ల పాత డిస్కార్డ్ లింకు కూడా పనిచేయడం లేదు. ఆ కలెక్షన్‌లో బొమ్మలున్నవాళ్లు ఇక్కడెవరైనా ఉంటే చెప్పండి, కలిసి వెతుకుదాం.