శ్లోకం చదివేటప్పుడు సంధి విడగొట్టాలా, కలిపే చదవాలా?

చిత్తుప్రతి: గీత రెండో అధ్యాయం 47వ శ్లోకానికి తెలుగు వివరణ వీడియో చేస్తున్నాను. వినేవాళ్ళకి పదాలు తెలియాలని “కర్మణ్యేవా... ధికారస్తే... మా ఫలేషు...” అని ఆగి ఆగి చదివాను. ఇలా చదవడం తప్పని ఒకరు, ఇదే నయమని ఇంకొకరు అంటున్నారు. ఏది సరి?

వేకువ: తప్పేనండీ. పాదం మధ్యలో ఊపిరి తీయకూడదు. ఈ శ్లోకం ఛందస్సు అనుష్టుప్పు, అందులో పాదానికి ఎనిమిది అక్షరాలు, ప్రతి పాదం చివర ఆగాలి. అంతే.

తాళపత్రం: వేకువ గారూ, మొదటి మాట నిజం. రెండోదానికి ఒక మెలిక ఉంది. పూర్తి విరామం రెండో పాదం చివర, నాలుగో పాదం చివర మాత్రమే. ఒకటి, మూడు పాదాల చివర సంధి అవతలి పాదంలోకి దాటుతుంది. ఈ శ్లోకంలోనే చూడండి: “మా కర్మఫలహేతుర్భూర్మా తే సంగోఽస్త్వకర్మణి”. “భూర్” దగ్గర మూడో పాదం అయిపోయింది, కానీ ఆ రేఫ పుట్టిందే పక్కన “మా” ఉండబట్టి. “భూర్” అని ఊపిరి తీసి “మా” అంటే రేఫ గాలిలో వేలాడుతుంది. ఆగక తప్పకపోతే “భూః” అనాలి. లేదా ఊపిరి తీయకుండా కలిపేయాలి.

చిత్తుప్రతి గారి చదువులో చిక్కూ ఇలాంటిదే. “కర్మణ్యేవా” దగ్గర ఆగితే “అధికారః” లోని అకారం వెనక్కి పోయి, వినేవాళ్ళకి మిగిలింది “ధికారస్తే”. తెలుగు చెవికి అది ధిక్కారంలా తగులుతుంది. విడగొట్టాలంటే పూర్తిగా విడగొట్టండి: కర్మణి, ఏవ, అధికారః, తే. సంధిరూపాన్ని మధ్యలో కోయడం మాత్రం వద్దు.

అందుకని రెండు చదువులు పెట్టుకోండి. మొదట శ్లోకమంతా కలిపి, 32 అక్షరాలు సుమారు 13 సెకన్లలో. తర్వాత వివరణలో ఒక్కో పదం, వెంటనే దాని అర్థం. ఈ రెండో చదువులో లయ పట్టించుకోనక్కర్లేదు, మామూలు మాట్లాడే గొంతే చాలు.

గోరింట: నేను స్తోత్రాలు రాగంలో పాడతాను. వీడియోకి ఏ రాగం బాగుంటుందో చెప్పండి, తంబూరా కూడా పెట్టాలా?

తాళపత్రం: అడిగింది పాట గురించి కాదండీ, చదువు గురించి. మీ విషయంలోనైనా ఒకటి చూసుకోండి: రాగం కోసం హ్రస్వాన్ని సాగదీస్తే “కదాచన” కాస్తా “కదాచనా” అయిపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ శ్లోకంలో “మా” మూడుసార్లు వస్తుంది. అది “వద్దు” అనే నిషేధం. తెలుగువాళ్ళకి మాత్రం “మా కర్మ” అంటే మన తలరాత అనే వినిపిస్తుంది! అందుకే వివరణలో మొట్టమొదట “మా” అర్థం చెప్పేయండి. చదివేటప్పుడు గొంతు పెంచక్కర్లేదు. దాని దీర్ఘాన్ని పూర్తిగా రెండు మాత్రలు నిలిపితే చాలు.

ఎడిటింగ్ బల్ల: ఉచ్చారణ సరిగ్గా ఉన్నా ఎడిటింగ్‌లో పాడవుతుంది. నాయిస్ గేట్ గట్టిగా పెడితే “భూః” చివరి సన్నని హకారాన్ని అది నిశ్శబ్దమనుకుని కోసేస్తుంది, “భూ” మిగులుతుంది. గేట్ మూసుకోవడానికి పట్టే సమయాన్ని, అంటే రిలీజ్‌ని, 200 మిల్లీసెకన్లకు పైన పెట్టండి, లేదా శ్లోకం ఉన్న ముక్కకి గేట్ తీసేయండి. నిశ్శబ్దాలను తనంతట తానే కత్తిరించే సదుపాయం కూడా అక్కడ ఆపాలి, లేకపోతే అర్ధశ్లోకం చివరి విరామం మాయమవుతుంది.

ఫ, భ, ధ దగ్గర గాలి మైకుని కొడుతుంది. మైకుని నోటికి ఎదురుగా కాక కొంచెం పక్కకి, జానెడు దూరంలో పెట్టండి. గాలి తప్పించడానికి ఒత్తులే తగ్గించేవాళ్ళున్నారు, అప్పుడు “అధికారః” కాస్తా “అదికారః” అవుతుంది.

చిత్తుప్రతి: “ఫలేషు” నేను సరిగ్గానే అంటున్నానా? “ఫోన్”లో ఫ లాగే అంటున్నాను.

తాళపత్రం: కాదండీ. ఫోన్ అన్నప్పుడు కింది పెదవి పై పళ్ళకి తగులుతుంది. ఇక్కడ పెదవులు రెండూ మూసుకుని విడాలి, ప కి ఊపిరి చేరినట్టు. అద్దం ముందు చూసుకుంటే తెలిసిపోతుంది. “సంగోఽస్త్వకర్మణి” కూడా చూసుకోండి. “స్త్వ”లో మూడు హల్లులు పలకలేక “స్తువ” అంటారు, దాంతో పాదం తొమ్మిది అక్షరాలవుతుంది. వేళ్ళమీద లెక్కపెడితే దొరికిపోతుంది.

వేకువ: భూర్మా సంగతి ఒప్పుకుంటున్నా. కానీ ఆగినప్పుడు “భూః”ని “భూహు” అని స్పష్టంగా అనాలి, మా దగ్గర నేర్పింది అదే.

తాళపత్రం: విసర్గలో దాని ముందున్న అచ్చు ఛాయ ఉండాలి, కానీ ఇంకో అక్షరంగా వినిపించకూడదు. పూర్తి “హు” అయితే పాదానికి తొమ్మిదో అక్షరం వచ్చినట్టే.

వేకువ: పారాయణంలో అందరూ నిండుగానే అంటారండీ. మైకులో సగం అంటే అసలు వినపడదు. ఇక్కడ మాత్రం మీతో ఏకీభవించలేను.