ఒక్క రోజు షూటింగ్ కాల్ షీట్: అందరికీ ఒకే సమయమా, విడివిడిగానా?

సహాయ దర్శకురాలు, సాలిగ్రామం
ఫిబ్రవరి మూడో వారంలో 16 మందితో ఒక్క రోజులో లఘుచిత్రం తీస్తున్నాం. ఐదు సన్నివేశాలలో మూడోది చెన్నై బెసెంట్ నగర్ తీరంలో సూర్యోదయ వేళ జరుగుతుంది. మిగతావి సాలిగ్రామంలోని ఒక ఇంట్లో, చివరిది ఆ ఇంటి మేడ మీద సంధ్యవేళ. అందరినీ ఉదయం 4:30కే తీరానికి రమ్మంటే గొడవ ఉండదని దర్శకుడు అంటున్నారు. ఎవరు ఎప్పుడు రావాలో తెలిపే కాల్ షీట్‌లో విభాగానికొక సమయం రాయాలని నా అభిప్రాయం. ఏది మేలు?

కెమెరా సహాయకుడు, కోడంబాక్కం
దర్శకుడి మాటే సరైనదని నేను అనుకుంటున్నాను. చిన్న యూనిట్‌కు ఉండేది ఒక్క వ్యాన్ కాబట్టి, నాలుగు సమయాలు రాస్తే ఆ వ్యాన్ నాలుగుసార్లు తిరగాలి. పైగా తీరంలో రిఫ్లెక్టర్ పట్టుకోవడానికి లైట్‌మన్ కావాలి.

ప్రొడక్షన్ మేనేజర్, వడపళని
రిఫ్లెక్టర్ మాట నిజమే, కానీ దానికి ఒక్క లైట్‌మన్ చాలు. మిగిలినవారు చీకట్లో ఇసుక మీద కూర్చుని చేసేదేమీ ఉండదు.

అమ్మా, సమయాలను మొదటి షాట్ నుంచి వెనక్కి లెక్కించండి. ఆ వారంలో చెన్నైలో సూర్యుడు 6:30 ప్రాంతంలో ఉదయిస్తాడు, అంతకు ముందే వచ్చే మెత్తని వెలుతురు మీకు కావాలి గనుక 6:10కి క్లాప్ పడాలి. తీరంలో చీర కట్టుకోవడానికి చాటు ఉండదు కాబట్టి మేకప్ సాలిగ్రామం ఇంట్లోనే జరగాలి. నాయికకు మేకప్, చీర, జడ కలిపి గంట పడుతుంది, ఆ వేళకు దారి ఖాళీగా ఉన్నా తీరానికి అరగంట పైనే ప్రయాణం. అంటే మేకప్‌మ్యాన్ 4:00కి, నాయిక 4:10కి ఇంటికి రావాలి, వ్యాన్ 5:15కి బయలుదేరాలి. కెమెరావారు, సౌండ్‌వారు 5:15కి నేరుగా తీరానికి వస్తే సామాను దింపి ఫ్రేమ్ చూసుకోవడానికి వ్యవధి ఉంటుంది. కాబట్టి కాల్ షీట్‌లో ప్రతి పేరు పక్కన సమయంతోపాటు ఎక్కడికి రావాలో కూడా రాయండి; దర్శకుడు చెప్పినట్టు అందరికీ 4:30, తీరం అని రాస్తే నాయిక సిద్ధమయ్యేసరికి సూర్యుడు పైకి వచ్చేస్తాడు.

మిగతా లైట్‌మెన్‌ను 7:30కి నేరుగా ఇంటికి రమ్మనండి. తీరంలో పని 7:45కి ముగించుకుని, తొమ్మిది గంటల రద్దీ మొదలుకాక ముందే యూనిట్ ఇంటికి చేరితే, అప్పటికి హాలులో లైటింగ్ సిద్ధంగా ఉంటుంది. ఇంకొక లెక్క కూడా ఉంది. 4:30కి వచ్చినవారి పన్నెండు గంటలు సాయంత్రం 4:30కే నిండిపోతాయి, మీ మేడ సన్నివేశమేమో 6:15 సూర్యాస్తమయం దాకా సాగుతుంది, ఆ అదనపు సమయానికి బేటా, అంటే భత్యం, అందరికీ ఇవ్వవలసి వస్తుంది. తెల్లవారుజామునే వచ్చిన నాయికకు విశ్రాంతి దొరికేలా, ఆమె లేని రెండో సన్నివేశాన్ని మధ్యాహ్నానికి పెట్టండి.

నటి, పోరూరు
నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒక షూటింగ్‌లో తీరం దగ్గర గాజుపెంకు గుచ్చుకుని నా పాదం తెగింది. షీట్‌లో ఉన్న ఆసుపత్రి ఊరికి అవతల, ఇంటి లొకేషన్‌కు దగ్గరిది, పైగా ఆ నంబరుకు ఎవరూ పలకలేదు. మరొక మాట, ఆ షీట్ వాట్సాప్‌లో తిరిగాక తెలియని నంబర్ల నుంచి నాకు ఫోన్లు వచ్చాయి. దయచేసి ఆడవాళ్ల నంబర్లు అందరికీ వెళ్లే షీట్‌లో వేయకండి.

ప్రొడక్షన్ మేనేజర్, వడపళని
రెండు లొకేషన్లు ఉన్నప్పుడు ఆసుపత్రులు కూడా రెండు రాయాలి, రాత్రంతా అత్యవసర విభాగం తెరిచి ఉండేవే రాయాలి. ముందు రోజు ఆ నంబర్లకు ఫోన్ చేసి చూసుకోవాలి. 108, 112 అందరికీ తెలిసినవే అయినా వాటిని షీట్ పైభాగంలోనే వేయండి. వాటి కింద తీరంలో ఏ కారు కదలకుండా ఆగి ఉంటుందో, దాన్ని నడిపేది ఎవరో రాయండి. అలలు కెమెరాకు దగ్గరగా వచ్చే షాట్ ఉంటే ఈ వివరమే అన్నింటికన్నా ముందు కనబడాలి.

కెమెరా సహాయకుడు, కోడంబాక్కం
నటి గారి నంబరు లేకపోతే ఉదయం నాలుగు గంటలకు డ్రైవర్ ఎవరికి ఫోన్ చేయాలి? గేటు దగ్గర పావుగంట పోతే మీ 5:15 లెక్క తప్పుతుంది.

సహాయ దర్శకురాలు, సాలిగ్రామం
డ్రైవర్‌కు నా నంబరు ఇస్తాను, ఆమెకు నేను ఫోన్ చేస్తాను. సమయాలు విడివిడిగానే వేస్తున్నాను. ఒక సందేహం మాత్రం మిగిలింది. తీరంలోది విడిపోయే సన్నివేశం, హాలులో గొడవ కథలో దానికి ముందు వస్తుంది. గొడవ నటించకుండానే విడిపోవడం ఎలా చేయమంటారని మా నాయిక అడుగుతోంది.

ప్రొడక్షన్ మేనేజర్, వడపళని
మన చెన్నైలో సముద్రం మీద సూర్యోదయమే దొరుకుతుంది గానీ అస్తమయం దొరకదు కాబట్టి, ఆ సన్నివేశాన్ని సాయంత్రానికి తోయలేము.

నటి, పోరూరు
సార్, వెలుతురు కోసం మీరు చెప్పే క్రమం ఒప్పుకుంటాను, కానీ ముఖంలో ఆ బరువు లేకపోతే ఎంత మంచి వెలుతురైనా ఏం లాభం? ముందు రోజు సాయంత్రం ఆ హాలులోనే గొడవను పూర్తిగా రిహార్సల్ చేయించండి.

ప్రొడక్షన్ మేనేజర్, వడపళని
చేయించవచ్చు, అయితే ఏడు గంటలకల్లా ఆమెను ఇంటికి పంపాలి. ఉదయం 4:10కి రావలసిన మనిషి మూడింటికే లేవాలి.