పాపను కంపెనీ ఇన్సూరెన్స్‌లో చేర్చమని హెచ్‌ఆర్‌కి లెటర్ ఎలా రాయాలి? తల పగిలిపోతోంది

కొత్తనాన్న: సాయంత్రం ఏడింటికి కూర్చున్నా, ఇప్పుడు పన్నెండున్నర. మా కంపెనీ పోర్టల్‌లో "Add Dependent" బటన్ బూడిద రంగులో ఉండిపోయింది, నొక్కినా కదలదు. పైన "Enrollment window closed" అని ఒక గీత. హెచ్‌ఆర్‌కి టికెట్ పెడితే రెండు గంటల్లో దానంతటదే క్లోజ్ అయిపోయింది, ఒక్క ముక్క జవాబు లేదు. ఇక మెయిలే పెడదామని నాలుగు సార్లు రాసి నాలుగు సార్లు చెరిపేశా. ఒకసారి మరీ బతిమాలినట్టు, ఒకసారి పోట్లాటకి వెళ్లినట్టు వస్తోంది. ఎవరి దగ్గరైనా మంచి ఫార్మాట్ ఉంటే పడేయండి ప్లీజ్.

రెండుముక్కలు: పుట్టిన తేదీ?

పెన్షన్‌మాస్టారు: ముందుగా శుభాకాంక్షలు నాయనా. దీనికింత కంగారెందుకు? హెల్త్ కార్డుకి మీ డీడీఓ గారికి అర్జీ ఇస్తే చాలు. మా అబ్బాయికి కూతురు పుట్టినప్పుడు అలాగే చేశాం. ఆన్‌లైన్‌లో పెట్టి, కాపీ ట్రెజరీ వాళ్లకి ఇవ్వు.

కొత్తనాన్న: మాస్టారూ, నాది ప్రైవేటు ఉద్యోగం అండీ. డీడీఓలు ఉండరు మాకు.

పెన్షన్‌మాస్టారు: ఓహో. ప్రైవేటు వాళ్లకి ఈఎస్ఐ ఉంటుందిగా మరి.

రెండుముక్కలు: జీతం 21 వేలు దాటితే ఉండదు మాస్టారూ. తేదీ చెప్పలేదు తమ్ముడు.

సొంతపాలసీ_సుబ్బు: అన్నా, నేనొకటి చెప్తా, కోపం తెచ్చుకోకు. కంపెనీ పాలసీని నమ్ముకున్నవాడు ఇల్లు అద్దెకి తీసుకుని రంగులు వేయించుకున్నట్టే. రేపు ఉద్యోగం పోతే నీ పాలసీ పోతుంది, పాపది కూడా పోతుంది. సొంతంగా ఇంటిల్లిపాదికీ కలిపి పది లక్షల ఫ్లోటర్ పాలసీ తీసుకో. నేను 2019 నుంచి ఇదే మొత్తుకుంటున్నా, ఎవడూ వినడు.

రెండుముక్కలు: సొంత ఫ్లోటర్లలో ఎక్కువ శాతం 90 రోజులు నిండితేగానీ పిల్లల్ని తీసుకోవు. అప్పటిదాకా?

సొంతపాలసీ_సుబ్బు: అందుకే మెటర్నిటీ ఉన్న పాలసీ పెళ్లికి ముందే తీసుకోవాలి అంటాను నేను.

బుజ్జిగాడినాన్న: భయపెట్టడం కాదుగానీ బ్రో, మావాడి విషయంలో నేను చేసిన తప్పు చెప్తా. బారసాల అయ్యాక పేరుతో సహా ఒకేసారి పెడదాం అనుకున్నా. 21వ రోజు మంచిది కాదన్నారు, మూడో నెలలో చేశాం. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు పడేసరికి ఇంకో పది రోజులు. అప్పుడు మెయిల్ పెడితే ‘గడువు 30 రోజులు, దాటిపోయింది, వచ్చే రెన్యూవల్‌లో చేర్చుతాం’ అని ఒక లైన్ వచ్చింది. ఏడు నెలలు బాబుకి ఏ కవరూ లేదు. వాడికి తుమ్మొస్తే నాకు బీపీ పెరిగేది.

కొత్తనాన్న: అయ్యో, నేనూ బారసాల కోసమే ఆగా! మే 26న అయింది. పాప మే 6న పుట్టింది. సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదు.

రెండుముక్కలు: ఇవాళ జూన్ 2. మీ పాలసీలోనూ 30 రోజులే అయితే జూన్ 5. మూడు రోజులు. ముందే చెప్పొచ్చుగా.

చట్టం_తెలిసినవాడు: ఎవరూ టెన్షన్ పడొద్దు. మెటర్నిటీ ఉన్న గ్రూప్ పాలసీలో పుట్టిన బిడ్డ మొదటి రోజు నుంచే ఆటోమేటిక్‌గా కవర్ అవుతుంది. లెటరే అక్కర్లేదు. నామినీగా తర్వాత ఎప్పుడైనా వేసుకోవచ్చు.

రెండుముక్కలు: నామినీ కాదు, డిపెండెంట్.

చట్టం_తెలిసినవాడు: రెండూ ఒకటే, పేరు చేర్చడమేగా.

రెండుముక్కలు: ఒకటెలా అవుతాయండీ? నామినీకి మనం పోయాక డబ్బు వస్తుంది. డిపెండెంట్‌కి ఉండగానే వైద్యం జరుగుతుంది. పీఎఫ్ ఫారమ్‌లో పాప పేరు రాసి ఇన్సూరెన్స్ అయిపోయిందనుకున్నవాళ్లని చూశా.

ఎక్సెల్‌అక్క: ఇన్సూరెన్స్ బ్రోకర్ ఆఫీసులో ఆరేళ్లు ఈ చేరికల జాబితాలే చూశాను, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

మొదటి రోజు నుంచి కవర్ అన్న మాటలో సగం నిజం ఉంది. చాలా గ్రూప్ పాలసీల్లో ఆ క్లాజు ఉంటుంది. కానీ అది కవర్ ఏ తేదీ నుంచి లెక్క అనే దాని గురించి. గడువులోపు చెప్పి జాబితాలో చేర్పిస్తేనే ఆ తేదీ నిలబడుతుంది. చెప్పకపోతే క్లాజు కాగితం మీదే ఉంటుంది.

ఆ విండో క్లోజ్ అన్న మెసేజ్ చూసి బెదరకండి. అది ఏటా ఒకసారి అందరికీ తెరిచే విండో. మధ్యలో చేర్చుకునేది కొత్తగా పెళ్లయిన భార్య లేదా భర్తని, అప్పుడే పుట్టిన బిడ్డని. చాలా కంపెనీల్లో ఈ రెండూ పోర్టల్‌లో కాకుండా మెయిల్ మీదే నడుస్తాయి. మీ మెయిల్ హెచ్‌ఆర్‌కి వెళ్తుంది, వాళ్లు నెలకోసారి కొత్తగా చేరినవాళ్లు, మానేసినవాళ్లు, పుట్టిన పిల్లలు అందరినీ ఒక ఎక్సెల్‌లో పెట్టి బ్రోకర్‌కి పంపుతారు, అక్కణ్నుంచి ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్తుంది. వాళ్ల దగ్గర మీ కంపెనీ ముందుగా వేసిన డిపాజిట్ ఉంటుంది. అందులోంచి ప్రీమియం కోసుకుని, పేరు పాలసీలో చేరినట్టు ఎండార్స్‌మెంట్ కాగితం ఇస్తారు. డిపాజిట్ తగ్గిపోతే అది నింపేదాకా జాబితా మొత్తం ఆగిపోతుంది, మీ తప్పేమీ లేకపోయినా. మీ హెచ్‌ఆర్ జాబితా ఏ తేదీకి పంపుతారు?

కొత్తనాన్న: పక్క సీటు అన్న చెప్పాడు, ప్రతి నెలా 10న అని.

ఎక్సెల్‌అక్క: అదే నేను భయపడింది. మీరు ఇవాళ మెయిల్ పెట్టినా మామూలు జాబితాలో కలిస్తే జూన్ 10న కదులుతుంది. కాబట్టి మెయిల్లో రెండు మాటలు తప్పకుండా ఉండాలి. ఒకటి, పుట్టిన తేదీ నుంచే అమలు కావాలని. ఇది రాయకపోతే కొందరు మెయిల్ వచ్చిన తేదీ వేసేస్తారు. రెండోది, నెల జాబితాతో కాకుండా విడిగా పంపమని.

చట్టం_తెలిసినవాడు: 30 రోజులు అంటే ఉద్యోగి హెచ్‌ఆర్‌కి చెప్పిన తేదీ వరకే లెక్క. హెచ్‌ఆర్ ఆలస్యానికి ఉద్యోగి బాధ్యుడు కాడు.

ఎక్సెల్‌అక్క: న్యాయంగా అంతే అనిపిస్తుంది. కానీ కొన్ని పాలసీల్లో ఇన్సూరెన్స్ కంపెనీకి చేరిన తేదీ అని రాసి ఉంటుంది. ఆ కాగితం మీ హెచ్‌ఆర్ దగ్గరే ఉంటుంది, దాన్ని చూడందే తేలదు.

చట్టం_తెలిసినవాడు: అలా రాసుకున్నా చెల్లదు.

రెండుముక్కలు: చెల్లదని తేల్చుకునేసరికి పాప బడికి వెళ్తుంది.

కొత్తనాన్న: అక్కా, ఇంకో విషయం. పుట్టాక పాపకి పచ్చకామెర్లు వస్తే రెండు రోజులు లైట్ కింద పెట్టారు. ఆ బిల్లు 26,400 నేనే కట్టా. సిజేరియన్‌కి ఉన్న 75 వేల పరిమితి అప్పటికే అయిపోయిందన్నారు. పాప పేరు లిస్టులో లేదని క్యాష్‌లెస్ ఇవ్వలేదు. ఇది లెటర్‌కి సంబంధం లేదని రాయలేదు.

రెండుముక్కలు: ఇదా సంబంధం లేనిది!

ఎక్సెల్‌అక్క: తమ్ముడూ, మీ లెటర్ విలువంతా ఇక్కడే ఉంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఖర్చు సాధారణంగా తల్లి ప్రసవ పరిమితిలోనే కలుస్తుంది. జబ్బు చేసిన బిడ్డ వైద్యం చాలా పాలసీల్లో కుటుంబం మొత్తం కవర్ నుంచి వస్తుంది, కానీ బిడ్డ ఆ తేదీకి చేరి ఉండాలి. అమలు తేదీ మే 6 పడితే ఆ 26,400 అడగొచ్చు. జూన్ 2 పడితే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాలి. డిశ్చార్జ్ ఎప్పుడు?

కొత్తనాన్న: మే 11.

ఎక్సెల్‌అక్క: రీయింబర్స్‌మెంట్‌కి చాలాచోట్ల డిశ్చార్జ్ నుంచి 30 రోజులు ఇస్తారు, అంటే జూన్ 10. ఎండార్స్‌మెంట్ రాలేదని ఆగకండి, కాగితాలు వేసేయండి. రేపే ఆసుపత్రికి వెళ్లి పాప పేరు మీద వేరే బిల్లు, వేరే డిశ్చార్జ్ సమ్మరీ అడగండి. బిలిరుబిన్ ఎంత వచ్చింది, లైట్ ఎన్ని గంటలు పెట్టారు అన్నది అందులో ఉండాలి. తల్లి బిల్లులోనే ‘బేబీ ఛార్జెస్’ అని ఒక్క లైన్ ఉంటే అది ప్రసవ ఖర్చే అని పక్కన పెడతారు.

మెయిల్ ఇంగ్లిష్‌లో మీరే పెట్టుకుంటారు, విషయం ఇదీ:

"విషయం: అప్పుడే పుట్టిన బిడ్డను గ్రూప్ మెడిక్లెయిమ్‌లో చేర్చడం – ఉద్యోగి నంబర్ – పుట్టిన తేదీ మే 6.
మే 6న మాకు ఆడపిల్ల పుట్టింది. పాపను నా డిపెండెంట్‌గా, పుట్టిన తేదీ నుంచే అమలయ్యేలా పాలసీలో చేర్చగలరు. తల్లి ఇదే పాలసీలో ఉన్నారు, ఆమె హెల్త్ కార్డు నంబర్ ఇది. ఆసుపత్రి ఇచ్చిన జనన ధ్రువపత్రం జతచేశాను. పాప డిశ్చార్జ్ సమ్మరీ, మున్సిపల్ సర్టిఫికెట్ రాగానే పంపుతాను. పోర్టల్‌లో అవకాశం రాలేదు, ఆ స్క్రీన్ ఫొటో కూడా జతచేశాను. గడువు 30 రోజులే అయితే జూన్ 5తో ముగుస్తుంది. అందుకే నెలవారీ జాబితా కోసం ఆగకుండా విడిగా పంపి, పంపిన తేదీ నాకు తెలపగలరు. పాప వైద్యం క్లెయిమ్ ఒకటి పెట్టవలసి ఉంది."

అంతే. బతిమాలడం లేదు, పోట్లాట లేదు. బ్రోకర్ వాళ్ల మెయిల్ ఐడీ మీ హెల్త్ కార్డు మీదో పాత మెయిల్లోనో ఉంటే కాపీలో పెట్టండి.

కొత్తనాన్న: పేరు ఏం రాయాలి? బారసాల పేరు పెట్టనా? ఆసుపత్రి కాగితంలో "B/O", అంటే ఫలానా ఆవిడ బిడ్డ అని, మా ఆవిడ పేరు ఉంది. అదీ పుట్టింటి ఇంటిపేరుతో. ఆఫీసులో నా ఇంటిపేరుతో ఇచ్చా.

ఎక్సెల్‌అక్క: కాగితంలో ఎలా ఉంటే జాబితాలో అలా. ఇప్పటికి "B/O" తోనే పెట్టండి, సర్టిఫికెట్ వచ్చాక పేరు సవరణ వేరేగా చేస్తారు. ఇంటిపేరు తేడా మన దగ్గర రోజూ వచ్చేదే, తల్లి కార్డు నంబర్ రాయమన్నది అందుకే.

సొంతపాలసీ_సుబ్బు: చూశారా, సొంత పాలసీ ఉంటే ఇంత గొడవ ఉండేదా?

బుజ్జిగాడినాన్న: అక్కా, మా ఆవిడ ఆఫీసు పాలసీలో కూడా బాబుని పెట్టొచ్చా? రెండు చోట్లా ఉంటే ఇబ్బందా?

రెండుముక్కలు: పెట్టొచ్చు. ఒకే బిల్లుకి రెండుసార్లు పూర్తి డబ్బు మాత్రం రాదు.

కొత్తనాన్న: మెయిల్ 1:40కి పంపా. చూద్దాం.

కొత్తనాన్న: (జూన్ 9) హెచ్‌ఆర్ నుంచి 4న ‘నోటెడ్’ అని వచ్చింది, ఇవాళ కార్డు వచ్చింది. దాని మీద అమలు తేదీ జూన్ 4 అని ఉంది. మళ్లీ మెయిల్ పెట్టా, మొదటి మెయిల్ జతచేసి. క్లెయిమ్ కాగితాలు నిన్ననే వేసేశా. థ్యాంక్స్ అక్కా, అందరికీ. పాప లేచింది, ఉంటా.

రెండుముక్కలు: సవరించారా లేదా చెప్పు.

బుజ్జిగాడినాన్న: ఏమైంది బ్రో తర్వాత?