సీల్ బాగుంటే ఓటీపీ చెప్పేయొచ్చా?

సీతమ్మధార సుధ
నాన్నగారికి ఆన్‌లైన్‌లో ఐఫోన్ ఆర్డర్ పెట్టాను, ఎల్లుండి వస్తుంది. సీల్ బాగుంటే ఓటీపీ చెప్పేయొచ్చా? లేక సీరియల్ నంబర్, యాక్టివేషన్ కూడా చూసేదాకా డెలివరీ అబ్బాయిని ఆపాలా? మా తమ్ముడు ఇదంతా అతి అంటున్నాడు.

గాజువాక శ్రీను
ఆపండి మేడమ్, మొహమాటపడొద్దు. పోయిన అక్టోబర్ 12న నాకు ఫోన్ వచ్చింది. సీల్ చక్కగా ఉంది, ఓటీపీ చెప్పేశాను. రాత్రి తెరిచి అన్నీ సెట్ చేసుకున్నాక వారంటీ చూస్తే ఆగస్టు 29తో అయిపోతుందని ఉంది. ఏడాది వారంటీ కదా! అంటే నా చేతికి రావడానికి నెలన్నర ముందే ఎవరో దాన్ని యాక్టివేట్ చేశారు. సెల్లర్‌కి మెయిల్ పెడితే "ఫోన్ పని చేస్తోంది కదా" అన్నాడు. మూడు వారాలు తిరిగాక బిల్లు చూపించి వారంటీ తేదీ మాత్రం సరిచేయించుకున్నాను. ఫోన్ మార్చలేదు. దాన్ని ముందు ఎవరు వాడారో నాకు ఇప్పటికీ తెలియదు.

డాబాగార్డెన్స్ కుర్రాడు
మాది మొబైల్ షాపే. సీల్‌ని నమ్మొద్దు, అది నిజం. ఐఫోన్ 13 నుంచి పెట్టె మీద ప్లాస్టిక్ కవరే లేదు, వెనక లాగి చింపే రెండు కాగితం పట్టీలు ఉంటాయి. ప్లాస్టిక్ లేదని కంగారుపడేవాళ్లూ ఉన్నారు, అలాంటి పట్టీలే మళ్లీ అంటించే ఘనులూ ఉన్నారు. సింపుల్ పని చెప్తాను. `KYM` అని కొట్టి, ఖాళీ వదిలి 15 అంకెల ఐఎమ్‌ఈఐ నంబర్ వేసి 14422కి మెసేజ్ పెట్టండి. కొత్తదో పాతదో తెలిసిపోతుంది.

రిపేరు బల్ల
తమ్ముడూ, సగం కరెక్టు. ఆ మెసేజ్‌కి వచ్చే జవాబులో కంపెనీ, మోడల్, ఆ నంబర్ బ్లాక్ అయిందా, నకిలీయా అన్నది ఉంటుంది. దొంగ ఫోన్‌ని పట్టుకోవడానికి పనికొస్తుంది. కానీ ఎవరైనా రెండు నెలలు వాడి తిరిగిచ్చిన ఫోన్‌కి కూడా అది "బాగానే ఉంది" అనే చెబుతుంది. యాక్టివేషన్ సంగతి దానికి తెలియదు.

సుధగారూ, నేను పదకొండేళ్లు సర్వీస్ సెంటర్‌లో పనిచేశాను. ఐఫోన్ అయితే చూడాల్సిన చోటు checkcoverage.apple.com. అందులో సీరియల్ నంబర్ కొడితే, ఇంకా ఎవరూ యాక్టివేట్ చేయని ఫోన్ అయితే ముందు యాక్టివేట్ చేయమంటుంది. ఈ విషయంలో మీరు కోరుకోవాల్సిన జవాబు అదే. వారంటీ తేదీ కనబడిందంటే శ్రీను కథే.

అయితే ఇక్కడొక చిక్కుంది. మీరు చూసేది పెట్టె మీది నంబర్. పెట్టె కొత్తదై, లోపలి ఫోన్ మారిపోయి ఉంటే సైట్‌కి ఎలా తెలుస్తుంది? అందుకే ఈ పని రెండు విడతల్లో చేయాలి. సీల్ తీయకముందు పెట్టె మీది నంబర్ సైట్‌లో చూడండి. అప్పటికే యాక్టివేట్ అయినట్టు వస్తే తెరవొద్దు, ఓటీపీ చెప్పొద్దు, వెనక్కి పంపేయండి. శుభ్రంగా ఉంటేనే వీడియో తీస్తూ తెరవండి. ఫోన్ ఆన్ చేయగానే హలో అని వస్తుంది. సిమ్ వేయొద్దు, వైఫై కలపొద్దు. ఆ తెర కింది మూలలో గుండ్రని గీతలో చిన్న i గుర్తు ఉంటుంది, అది నొక్కితే ఫోన్ సొంత సీరియల్ నంబర్, ఐఎమ్‌ఈఐ చూపిస్తుంది. పెట్టె, బిల్లు, తెర, మూడూ ఒకటేనా చూడండి. తేడా వస్తే సెటప్ ముందుకు తీసుకెళ్లొద్దు. మీరు సెటప్ పూర్తి చేస్తే, యాక్టివేట్ చేసింది మీరేనని అనడానికి సెల్లర్‌కి దారి దొరుకుతుంది.

మధురవాడ బండి
నేను పార్సిళ్లు వేసే మనిషిని. సార్ చెప్పింది బాగుంది గానీ, మామూలు ఆర్డర్‌లో ఓటీపీ చెప్పకుండా పైకవర్ కోయనివ్వం, మాకు పర్మిషన్ లేదు. ఫోన్ పెట్టె ఆ కవర్ లోపల ఉంటుంది. ఇక మీ నంబర్ ఎక్కడ కనబడుతుంది? ఓపెన్ బాక్స్ డెలివరీ అని ఉన్న ఆర్డర్ అయితేనే మా చేత్తో మేమే తెరిచి చూపిస్తాం. ఇంకోటి, రోజుకి డెబ్భై గుమ్మాలు ఎక్కుతాను. ఒక్కో ఇంట్లో పావుగంట నిలబెడితే మధ్యాహ్నం అన్నం సాయంత్రమే.

రిపేరు బల్ల
న్యాయమే. అందుకే ముందురోజే చేయగలిగింది ఒకటుంది. ఫోన్ బయలుదేరాక ఆర్డర్ పేజీలో బిల్లు వస్తుంది, చాలామంది సెల్లర్లు అందులో ఐఎమ్‌ఈఐ గానీ సీరియల్ గానీ వేస్తారు. సీరియల్ ఉంటే ఇంట్లోనే సైట్‌లో చూసేయొచ్చు. అప్పుడు గుమ్మం దగ్గర సరిపోల్చడమే మిగులుతుంది, ఐదు నిమిషాల పని. ఓపెన్ బాక్స్ కాకపోతే, ఓటీపీ చెప్పాక కూడా పార్సిల్ కవర్ కోసిన దగ్గర్నుంచి i గుర్తు దాకా ఒకే వీడియో తీయండి. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే దాని విలువ తగ్గుతుంది.

పెదవాల్తేరు మాస్టారు
ఇప్పుడే నా నంబర్ కొట్టి చూశాను. వారంటీ ముగిసిందని వస్తోంది. 2022లో మా అబ్బాయి కొనిచ్చిన ఫోన్. నన్ను కూడా మోసం చేశారా?

గాజువాక శ్రీను
లేదు మాస్టారూ, ఏడాది ఎప్పుడో దాటిపోయింది. ప్రశాంతంగా ఉండండి.

డాబాగార్డెన్స్ కుర్రాడు
సరే, మెసేజ్ సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ యాక్టివేట్ అయిన ప్రతి ఫోనూ వాడిన ఫోన్ కాదు. కొన్ని కంపెనీల ఆండ్రాయిడ్ ఫోన్లు షాపులోనే ఆన్ చేసి ఇస్తాం, స్కీమ్ డబ్బులు అలా చేస్తేనే వస్తాయి. బిల్లు తేదీ చూపిస్తే వారంటీ సర్దుతారు. కస్టమర్‌కి ఏం నష్టం?

రిపేరు బల్ల
మీ షాపులో కస్టమర్ కళ్లముందు ఆన్ చేస్తే నష్టం లేదు. ఎవరు ఆన్ చేశారో తెలియకుండా కొత్త ధరకి ఇంటికొచ్చినప్పుడే గొడవ. బ్యాటరీ ఎంత వాడారు, విప్పారా లేదా అన్నది పెట్టె చూస్తే తెలియదు. ఆండ్రాయిడ్‌లో ఇంకో ఇబ్బంది, అన్ని కంపెనీలకీ పనికొచ్చే ఒకే సైట్ లేదు. *#06# కొడితే ఐఎమ్‌ఈఐ వస్తుంది, పెట్టెతో సరిపోల్చుకోవచ్చు. యాక్టివేషన్ తేదీ మాత్రం ఆ కంపెనీ వారంటీ పేజీ చూపిస్తేనే.

డాబాగార్డెన్స్ కుర్రాడు
వారంటీ సరిచేసి ఇస్తే చాలంటాను నేను. మీరు ఒప్పుకోరు, సరే.

గాజువాక శ్రీను
నేనూ ఒప్పుకోను. డబ్బు ఇచ్చింది కొత్త ఫోన్‌కి. అప్పుడు నాకు తెలియక ఊరుకున్నాను గానీ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేయాల్సింది. వినియోగదారుల కమిషన్‌లో కేసు కూడా మన ఊళ్లోనే వేయొచ్చట, సెల్లర్ ఎక్కడున్నా.

రిపేరు బల్ల
అవును, 2019 చట్టం ప్రకారం కొన్నవాళ్లు ఉండే ఊళ్లో వేయొచ్చు. రెండేళ్లలోపు వేయాలి. శ్రీనూ, నీకింకా టైముంది. నువ్వు ఫోన్ అందుకున్న తేదీకి ముందే వారంటీ మొదలైందన్నదే నీ సాక్ష్యం. కాకపోతే తేదీ సరిచేయించేశావు కదా, పాత తేదీ స్క్రీన్‌షాట్ ఉందా?

గాజువాక శ్రీను
వెతకాలి సార్.

సీతమ్మధార సుధ
ఫోన్ వచ్చింది. అదృష్టం, ఓపెన్ బాక్స్ ఆర్డరే. నిన్న రాత్రి బిల్లులో సీరియల్ దొరికింది, సైట్‌లో కొడితే అలాంటి నంబరే లేదంది. టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. పొద్దున్న చూస్తే నేను సున్నా బదులు ఓ అక్షరం కొట్టాను. సరిచేస్తే యాక్టివేట్ చేయమనే వచ్చింది. ఇవాళ ఆ అబ్బాయి తెరిచాడు, i గుర్తు నొక్కితే మూడు నంబర్లూ కలిశాయి. మొత్తం ఆరు నిమిషాలు, నాన్నగారు అతనికి మజ్జిగ ఇచ్చిన టైముతో కలిపి. తమ్ముడు ఇప్పటికీ అతి అనే అంటున్నాడు.