గృహప్రవేశం రీలుకి నాయనమ్మ గొంతు, క్యాప్షన్లు ఎట్టా కుదర్చాలి?

కావలి_పిల్ల: మా కొత్తింట్లో చేరాం, పదకొండు ఫోన్ల నించి 140 క్లిప్పులు వచ్చిపడ్డాయి. అమెరికాలో ఉన్న అన్నకి రెండు నిమిషాల రీలు చేసి పంపాలి. ఎడిట్ అయినాక నాయనమ్మకి చూపిస్తా చెప్పిస్తే, షాటు దాటిపోయినాక ఆ ముచ్చట చెప్తోంది. పైగా ఆమె మాటల్నే కింద క్యాప్షన్ పెట్టా, ఇప్పుడు చదవాల్నో వినాల్నో తెలీట్లా.

ఒంగోలు_ఎడిటింగ్: తిరగేసి చెయ్యమ్మా, ముందు గొంతు, తర్వాత బొమ్మ. ఫ్యాను ఆపి, ఫోన్ ఆమెకి జానెడు దూరంలో పెట్టి, పది నిమిషాలు ఊరికే మాట్లాడనీ. అందులో ఆరేడు వాక్యాలు ఏరి, వాటి కొలతకి క్లిప్పులు కత్తిరించు. గొంతు మొత్తం కలిపి నిమిషం దాటనియ్యొద్దు. పాలు పొంగే చోట గొంతూ పాటా రెండూ ఆపెయ్, ఎవరో ఒకరు "పొంగినయ్" అని అరిచుంటారు, అదే చాలు.

కందుకూరు_కుర్రోడు: గొంతుంటే క్యాప్షన్ దేనికి, తీసి పారెయ్.

సింగరాయకొండ_బాబాయ్: మా వోడి పెళ్లి క్లిప్పులు వాట్సాప్‌లో పంపితే అన్నీ మసకే వచ్చినాయి, ఆ గొడవ ముందు చూసుకో.

ఒంగోలు_ఎడిటింగ్: బాబాయ్, డాక్యుమెంట్‌గా పంపమనండి, నాణ్యత పోదు. కుర్రోడా, గొంతు చెప్పిందే మళ్లీ రాస్తే దండగ, అంతవరకు నువ్వు చెప్పింది కరెక్టే. కానీ ఏం జరిగిందో గొంతు చెప్పాలి, చేసింది ఎవరో క్యాప్షన్ చెప్పాలి. నాయనమ్మ "ఆవు గడప దాటనని మొరాయించింది, అరటిపండు చూపిస్తే వచ్చింది" అంటది, కింద "తాడు పట్టింది సుబ్బు చిన్నాన్న" అని ఉంటే సరి.

కావలి_పిల్ల: ఆడే చిక్కు. ఆమె "మా చిన్నోడు" అంటది, నేను "చిన్నాన్న" అని రాస్తా, మా వదినేమో ఇద్దరనుకుంది.

ఒంగోలు_ఎడిటింగ్: గొంతులో వరస ఎట్టున్నా పర్లేదు, క్యాప్షన్లో పేరు కూడా పెట్టు, వరస మటుకు చూసేవాళ్ల వైపు నించే రాయి, ఇక్కడ మీ అన్న వైపు. నాలుగైదు మాటలు, రెండు లైన్లు మించొద్దు. రొంత నిదానంగా చదివేవాళ్లు రెండుసార్లు చదివేంతసేపు ఉండనీ. మరీ అడుగున పెడితే రీల్సులో ఖాతా పేరు మీద పడుద్ది. కొన్ని ఫాంట్లలో ఒత్తులు ఊడిపోతాయి, "లక్ష్మి", "స్త్రీ" టైపు చేసి చూసుకో.

కావలి_పిల్ల: చూశా, మా లక్ష్మత్త పేరే విరిగింది, ఫాంటు మార్చా. కానీ ఇంకోటుంది. అందరికంటే ఎక్కువ క్లిప్పులు తీసింది మా పెద్దత్త, ఆమె ఒక్క దాంట్లోనూ లేదు, నన్ను మర్చిపోయారని ఇప్పటికే మూతి ముడిచింది.

ఒంగోలు_ఎడిటింగ్: పాలు పొంగిన క్లిప్పు ఆమెదేనా? అరిచింది ఎవరో ఒకసారి విను.

కావలి_పిల్ల: విన్నా. ఆమే. "ఫోన్ పట్టింది పెద్దత్త" అని పెట్టా అక్కడ. తనకి ఇంకా చూపించలా, భయంగా ఉంది.