చూపు తేటపడిందని నాన్న రెటీనా పరీక్షకు రానంటున్నారు, ఎలా చెప్పాలి?

మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. రెండు నెలల క్రితం నాన్నకు చూపు మసకబారితే కళ్లజోళ్ల షాపులో కొత్త అద్దాలు చేయించాం. ఆ వారంలోనే షుగర్ 380 అని తేలింది. మందులు మొదలై షుగర్ 150కి దిగాక ఆ అద్దాలు అసలు పనికిరాలేదు. పన్నెండు వందలు దండగ!

షుగర్ పెరిగినా, ఒక్కసారిగా తగ్గినా కంటిలోని లెన్స్‌లో నీటి శాతం మారి పవర్ మారుతుందని, షుగర్ నిలకడగా ఉన్న నెల, నెలన్నర తర్వాతే అద్దాలు రాయించుకోవాలని డాక్టరు గారు అప్పుడు చెప్పారు. ఇప్పుడు పాత జోడుతోనే నాన్న పేపరు చదువుతున్నారు.

చిక్కంతా అక్కడే. "కన్ను బాగైపోయింది కదరా, మళ్లీ పరీక్ష ఎందుకు?" అంటారు. మసక లెన్స్‌ది, షుగర్ దెబ్బతీసేది వెనకున్న రెటీనా రక్తనాళాలను. అవి కారుతున్నా మొదట్లో చూపు తగ్గదట. అందుకే షుగర్ బయటపడగానే ఒకసారి, తర్వాత ఏటా చూపించాలన్నారు.

మీ ఇంట్లో పెద్దవాళ్లను ఎలా ఒప్పించారు? కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేయకుండా రెటీనా ఫోటో తీస్తే సరిపోతుందా? చుక్కలు వేస్తే విజయనగరం నుంచి బండి ఆయన నడపలేరు, నేను సెలవు పెట్టాలి.