చెరకు రసంలో ఐసు, పన్నెండు బండ్లు: టీ-టెస్ట్ పెట్టాలా, మాన్-విట్నీ పెట్టాలా?

సిరి_మైక్రో
ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి సెమిస్టర్. ఐసు వేసే చెరకు రసం బండ్లు 6, వేయనివి 6, ఒక్కో బండి దగ్గర ఒక గ్లాసు తీసుకుని బ్యాక్టీరియా లెక్క చూశాను. మిల్లీలీటరుకు వేలల్లో ఇవీ అంకెలు. ఐసు లేనివి: 2, 3, 4, 5, 9, 12. ఐసు వేసినవి: 6, 8, 11, 15, 40, 210. టీ-టెస్ట్‌లో పి విలువ 0.25 వచ్చింది, మాన్-విట్నీలో 0.041. గైడ్ సర్ టీ-టెస్ట్ పెట్టమంటున్నారు, సీనియర్ అక్క మాన్-విట్నీ అంటోంది. ఏది సరైనది? వచ్చే వారమే సబ్మిషన్.

వంశీ_ఫార్మా
ఇందులో ఆలోచించడానికేముంది? 30 కంటే తక్కువ ఉంటే టీ-టెస్ట్ వేయకూడదు. పైగా షాపిరో టెస్ట్ చేసి చూడు, ఐసు గుంపు నార్మల్ కాదని తేలిపోతుంది. మాన్-విట్నీ పెట్టెయ్.

గణాంకాల మాస్టారు
సిరీ, ఆ 30 లెక్క పక్కన పెట్టమ్మా. టీ-టెస్ట్ పుట్టిందే చిన్న శాంపిళ్ల కోసం. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన గాసెట్, 'స్టూడెంట్' అన్న మారుపేరుతో 1908లో అచ్చు వేయించిన పద్ధతి అది. నాలుగైదు కొలతలే చేతిలో ఉన్నప్పుడు ఏం చెప్పగలం అన్నదే ఆయన సమస్య. కాబట్టి ఆరేసి అంకెలే ఉన్నాయని టీ-టెస్ట్ చెడిపోదు. నీ దగ్గర దాన్ని పడగొట్టింది ఆ 210.

ఒక పని చేసి చూడు. 210 తీసి అక్కడ 50 పెట్టు. ఐసు బండ్ల సగటు 48 నుంచి 22కి దిగుతుంది. అంటే రెండు గుంపుల మధ్య దూరం సగానికి పైగా తగ్గిపోయింది. అయినా టీ విలువ 1.30 నుంచి 2.04కి పెరుగుతుంది. దూరం తగ్గితే ఆధారం బలపడటమేమిటి? 210 సగటును ఎంత పైకి లాగిందో, స్టాండర్డ్ డీవియేషన్‌ను అంతకంటే ఎక్కువ లాగింది. టీ అంటే ఒకదాన్ని రెండోదానితో భాగించడమే కదా, అందుకే మునిగిపోయింది.

మాన్-విట్నీ వేరే సంగతి అడుగుతుంది. ఒక ఐసు బండిని, ఒక ఐసు లేని బండిని పక్కపక్కన పెడితే ఎవరిది ఎక్కువ? అలాంటి జతలు 36. వాటిలో 31 జతల్లో ఐసు బండిదే ఎక్కువ. 210 బదులు అక్కడ 41 ఉన్నా ఆ 31 మారదు. రెండు టెస్టులు రెండు ప్రశ్నలకు జవాబిచ్చాయి, అందుకే రెండు పి విలువలు. నీ ప్రశ్న ఏదో అది ముందు తేల్చుకో.

కిరణ్_కడప
బండి అదే, ఐసు వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి తీస్తే పెయిర్డ్ టెస్ట్ కదా చేయాలి? విల్‌కాక్సన్ సైన్డ్ ర్యాంక్ పెట్టండి.

సిరి_మైక్రో
లేదు అన్నా, బండ్లు వేర్వేరు. మొత్తం పన్నెండు.

నాగమణి_నల్గొండ
మాన్-విట్నీ అనగానే నాకు ఒళ్లు మండుతుంది. నా ప్రాజెక్టులో గుంపుకు 3 ఎలుకలు. మందు ఇచ్చిన మూడూ ఇవ్వని మూడింటికంటే పైనే ఉన్నాయి, ఒక్కటి కూడా కలవలేదు. వైవాకు వచ్చిన ఎక్స్‌టర్నల్ 'చిన్న శాంపిల్, నాన్ పారామెట్రిక్ చెయ్యి' అని పట్టుబట్టారు. చేస్తే 0.1 వచ్చింది. 'సిగ్నిఫికెంట్ కాదు' అని మార్కులు కోశారు. తర్వాత ఒక మేడం కూర్చోబెట్టి చూపించారు. ఆరింటిని మూడు, మూడుగా విడగొట్టే దారులు 20 మాత్రమే. నాకు వచ్చింది అన్నిటికంటే గొప్ప అమరిక, అయినా రెండు వైపులా కలిపి 20లో 2 అవుతుంది. 3, 3 తో ఆ టెస్ట్ 0.1 కంటే కిందికి దిగనే దిగదు. దిగలేని టెస్ట్ పెట్టమని, దిగలేదని ఫెయిల్ చేసినట్టు చేశారు. కాబట్టి 'తక్కువ ఉంటే మాన్-విట్నీ' అని దయచేసి ఎవరికీ చెప్పకండి.

వంశీ_ఫార్మా
అక్కా, మీది 3. ఈ అమ్మాయిది 6. ఆరుకు ఆ ఇబ్బంది లేదు. నేను చెప్పింది కరెక్టే.

గణాంకాల మాస్టారు
ఆరుకు ఇబ్బంది లేదన్నది నిజం. కానీ వంశీ, నువ్వు చెప్పిన కారణం ఇంకా తప్పే. షాపిరో ఆరు అంకెల మీద చాలా బలహీనం. నార్మల్ కాని డేటాను కూడా చాలాసార్లు పాస్ చేస్తుంది. ఐసు లేని గుంపును పాస్ చేసింది, దానర్థం అది నార్మల్ అని కాదు. ఐసు గుంపును ఫెయిల్ చేసింది, ఆ ముక్క 210 ని కంటితో చూసినా తెలుస్తుంది.

ప్రవీణ్
నాకు ఎస్‌పీఎస్‌ఎస్‌లో 0.037 వచ్చింది. 0.041 ఎక్కడిది?

గణాంకాల మాస్టారు
నువ్వు చూసింది `Asymp. Sig.` వరుస. ఇంత చిన్న గుంపులకు దాని కిందున్న `Exact Sig.` చూడాలి, అక్కడ 0.041 ఉంటుంది.

ల్యాబ్_రాజశేఖర్
పద్నాలుగేళ్లుగా నీళ్లు, ఆహారం టెస్ట్ చేసే ల్యాబ్‌లో ఉన్నాను. ముందు ఒక మాట చెప్పమ్మా, ఆ 210 ఏ ప్లేటు మీదిది? డైల్యూషన్ తప్పు రాసుకున్నావేమో చూశావా?

సిరి_మైక్రో
చూశాను సర్. వెయ్యి రెట్లు పలచన చేసిన ప్లేటు మీద 210 కాలనీలు. మిగతా రెండు ప్లేట్లూ దాని దగ్గర్లోనే ఉన్నాయి. ఆ బండి ఆయన ఐసును గోనెసంచిలో చుట్టి నేల మీద పెట్టాడు.

ల్యాబ్_రాజశేఖర్
అయితే అది నిజమైన లెక్కే. ఇక ఇక్కడ అందరూ మర్చిపోయిన సంగతి: బ్యాక్టీరియా లెక్కను మా ల్యాబ్‌లో ఎవరూ ఉన్నదున్నట్టు సగటు చేయరు. అవి రెట్లలో పెరుగుతాయి కాబట్టి లాగ్ తీసి పని చేస్తాం. లాగ్ తీశాక అదే టీ-టెస్ట్ చెయ్యి. R లో అయితే ఇలా, అందులో మాన్-విట్నీకి `wilcox.test` అని పేరు.

```
a <- c(2,3,4,5,9,12)
b <- c(6,8,11,15,40,210)
t.test(a, b)
wilcox.test(a, b)
t.test(log10(b), log10(a))
```

చివరి వరుసలో పి 0.049 దగ్గర వస్తుంది. అంతకంటే ముఖ్యం, ఐసు బండ్లలో లెక్క సుమారు 4 రెట్లు అని చెప్పగలవు. మాన్-విట్నీ నీకు ఎన్ని రెట్లో చెప్పదు.

వంశీ_ఫార్మా
మూడు టెస్టులు, మూడు పి విలువలు. 0.05 కింద వచ్చినవి రెండు. ఏదో ఒకటి తీసుకుని పెట్టేయొచ్చు కదా, ఇంత పురాణం ఎందుకు?

గణాంకాల మాస్టారు
అదే చేయకూడనిది! పి చూసుకుని టెస్ట్ ఎంచుకుంటే ఆ 0.041 కు అర్థమే ఉండదు. మూడు తలుపులు తట్టి, తెరుచుకున్నదాని గుండానే వచ్చానని చెప్పడం అది. సిరీ, సినాప్సిస్‌లో ఏం రాశావు?

సిరి_మైక్రో
'టీ-టెస్ట్ చేస్తాం' అని రాశాం సర్. లాగ్ గురించి ఏమీ రాయలేదు. 0.25 వచ్చాకే అక్కను అడిగాను. నిజం అదే.

నాగమణి_నల్గొండ
పిల్లను దొంగను చేసినట్టు మాట్లాడకండి మాస్టారూ. సినాప్సిస్ రాసేటప్పుడు ఏ టెస్ట్ ఎందుకో మాకు ఎవరు చెప్పారు? రాసిచ్చిన నమూనా కాపీ చేయించారు.

గణాంకాల మాస్టారు
సిరిని అనలేదమ్మా, దాచకుండా చెప్పింది కూడా. నేనన్నది ఆ అలవాటును. ఎవరికైనా బాధ కలిగితే మన్నించండి. కానీ మాట మార్చను: మాన్-విట్నీయే ఈ డేటాకు నిలకడైనది. డేటా నిజంగా నార్మల్ అయినా అది టీ-టెస్ట్‌తో పోలిస్తే ఐదు శాతం దాకా మాత్రమే వెనకబడుతుంది, అదీ పెద్ద శాంపిళ్ల లెక్క. 210 లాంటిది ఒకటి ఉంటే ఎంతో ముందుంటుంది.

ల్యాబ్_రాజశేఖర్
మాస్టారూ, నిలకడ అంటూ మీరు 210 ని తుడిచేస్తున్నారు. మీ టెస్ట్‌కు అది పన్నెండో ర్యాంకు, అంతే. 41 అయినా ఒకటే అని మీరే గొప్పగా చెప్పారు. నాకు ఒకటి కాదు! జనం జబ్బు పడేది మధ్యలో ఉన్న బండి దగ్గర కాదు, ఆ గోనెసంచి బండి దగ్గర. ఊరు మొత్తం మీద కడుపులోకి ఎంత బ్యాక్టీరియా పోతోంది అన్నది ప్రశ్న అయితే మామూలు సగటే కావాలి, 48 వేలే కావాలి. లాగ్ కూడా దాన్ని తగ్గించేస్తుంది, నేను చెప్పిందే అయినా ఒప్పుకుంటున్నాను.

గణాంకాల మాస్టారు
ఇప్పుడు తెలిసింది మనం ఎందుకు పోట్లాడుకుంటున్నామో. 'ఐసు వేస్తే మామూలుగా లెక్క పెరుగుతుందా' అని నేను అడుగుతున్నాను. 'మొత్తం ప్రమాదం ఎంత' అని మీరు అడుగుతున్నారు. మీ ప్రశ్నకు ఆరు బండ్లు చాలవు సర్. ఆ ఆరింటిలో గోనెసంచి బండి ఒకటి ఉంది. మరో ఆరు తీస్తే ఒక్కటీ ఉండకపోవచ్చు, రెండు ఉండొచ్చు. సగటు మొత్తం దాని మీదే ఆడుతుంది. 0.25 చెబుతున్నది ఆ సంగతే.

ల్యాబ్_రాజశేఖర్
చాలవని ఒప్పుకుంటాను. చాలవు కాబట్టి ప్రశ్నే మార్చేసుకుందాం అంటే ఒప్పుకోను.

సిరి_మైక్రో
మా సినాప్సిస్ టైటిల్ 'ఐసు ప్రభావం'. మాస్టారు అడిగిన ప్రశ్నే దగ్గరనిపిస్తోంది. రాజశేఖర్ సర్, లాగ్ టీ-టెస్ట్ చేశాను. 95 శాతం హద్దులు దాదాపు 1 రెట్టు నుంచి 17 రెట్ల దాకా వచ్చాయి.

ల్యాబ్_రాజశేఖర్
ఆ హద్దులు తప్పకుండా రాయి. 0.049 ఒక్కటే రాస్తే ఎంత గట్టి సంగతో అనుకుంటారు. 1 నుంచి 17 అని చూస్తే ఆరు బండ్లతో ఎంత తెలుస్తుందో అర్థమవుతుంది. పన్నెండు చుక్కలనూ లాగ్ స్కేలు మీద ఒక బొమ్మగా వెయ్యి, 210 కనిపించాలి.

గణాంకాల మాస్టారు
బొమ్మ విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. సినాప్సిస్‌లో రాసిన టీ-టెస్ట్ ఫలితం 0.25 ముందు రాయి. తర్వాత, అంకెలు చూశాక మాన్-విట్నీ చేశామని అదే మాటల్లో రాసి 0.041 పెట్టు. 'మీడియన్లు తేడా ఉన్నాయి' అని మాత్రం రాయకు. 36 జతల్లో 31 అని రాయి.

సిరి_మైక్రో
ఇవాళ గైడ్ సర్‌కు చూపించాను. 'ఇంత గొడవెందుకు, 210 అవుట్‌లయర్ కదా, తీసేసి టీ-టెస్ట్ చెయ్యి' అన్నారు.

ల్యాబ్_రాజశేఖర్
తీయకు. మూడు ప్లేట్లు ఒకే మాట చెబుతున్న లెక్కను తీయడానికి నీ దగ్గర కారణం లేదు.

వంశీ_ఫార్మా
తీసి చేసి చూశాను. టీ-టెస్ట్ 0.18, మాన్-విట్నీ 0.082. నిజంగా ఇలా అవుతుందనుకోలేదు, తీస్తే బాగుపడుతుందనుకున్నాను.

సిరి_మైక్రో
ఆ రెండు అంకెలూ ప్రింట్ తీసుకుని రేపు మళ్లీ సర్ దగ్గరికి వెళ్తాను.